గెలిచిన కొటేషన్లు, పోయిన కొటేషన్లు: చిట్టా రాసే పద్ధతి, చదివే పద్ధతి

బరంపురంలో సీసీ కెమెరాలు, వాటి వైరింగు పని చేస్తాను. గంజాం, గజపతి జిల్లాల్లో దుకాణాలు, లాడ్జీలు, బడులు, ఆంధ్ర సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం నా పరిధి. ఇదే తోవలో ఉన్న సాటి వ్యాపారులు నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "పంపిన కొటేషన్లలో సగానికి పైగా ఎటు పోతున్నాయో తెలియడం లేదు. మీరు ఏదో చిట్టా రాస్తారట కదా, ఎలా రాస్తారు?"

నెలకు నాలుగు నుంచి పది కొటేషన్లు పంపే చిన్న వ్యాపారిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబు రాస్తున్నాను. చెక్కపని, సౌర ఫలకాలు, పెయింటింగు, అనువాదం వంటి ఏ పనికైనా పద్ధతి ఇదే, గడుల పేర్లు మాత్రం కొద్దిగా మారతాయి. అంకెలన్నీ నా చిట్టాలోవే: ఒక ఏడాదివి, ఆ తర్వాతి ఆరు నెలలవి.

1. మొదటి వరుస రాయకముందే తేల్చుకోవలసినవి

ఏది కొటేషన్ అన్నది ముందు తేల్చుకోండి. ఫోనులో "కెమెరాకు ఎంతవుతుంది?" అని అడిగితే నోటితో చెప్పిన ధరను నేను లెక్కలోకి తీసుకోను. ఫలానా చోట, ఫలానా పనికి, ఇంత మొత్తం అని కాగితం మీదో ఫోనులోనో రాసి పంపినదే కొటేషన్.

బేరం తర్వాత ధర తగ్గించి మళ్లీ పంపితే అదే వరుసలో దిద్దాలి, కొత్త వరుస తెరవకూడదు. మొదటి ఆరు నెలలు నేను సవరించిన ప్రతి కాగితానికీ ఒక వరుస రాశాను. ఒకే లాడ్జీ మూడుసార్లు ఓడినట్టు, ఒకసారి గెలిచినట్టు కనిపించింది. ఆ ఆరు నెలల లెక్క ఎందుకూ పనికి రాలేదు.

మొత్తాన్ని జీఎస్టీ కలపకుండా రాయండి. సరిహద్దులో ఉన్నవారికి ఇది మరీ అవసరం. బరంపురంలో బిగిస్తే బిల్లులో కేంద్ర, రాష్ట్ర పన్నులు విడివిడిగా వస్తాయి, ఇచ్ఛాపురంలో బిగిస్తే ఐజీఎస్టీ ఒక్కటే వస్తుంది. మొత్తం పన్ను ఒకటే అయినా కొందరు పన్నుతో, కొందరు పన్ను లేకుండా అంకె రాసుకుని ధరలు పోల్చి తికమకపడతారు. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే పక్క రాష్ట్రానికి సరఫరా చేయడానికి అసలు వీల్లేదు. అలాంటి విచారణలకు కొటేషన్ రాయకండి, చిట్టాలో పెట్టకండి.

చివరిగా, వరుసను ఎప్పుడు మూసేయాలో నిర్ణయించుకోండి. నా కొటేషన్ గడువు 15 రోజులు. గడువు దాటిన 30 రోజులకు కూడా పని ఎవరికీ ఇవ్వకపోతే "నిర్ణయం లేదు" అని మూసేస్తాను. ఈ నియమం లేకపోతే ఏడాది చివర సగం వరుసలు ఖాళీగా మిగులుతాయి.

2. గడులు: పదకొండు చాలు

కంప్యూటర్‌లో పట్టికైనా సరే, అడ్డగీతల పుస్తకమైనా సరే. నా గడులు వరుసగా ఇవి:

- A: వరుస సంఖ్య
- B: అడిగిన తేదీ
- C: పంపిన తేదీ
- D: ఎలా వచ్చారు (ప: పరిచయస్తుల ద్వారా, కొ: కొత్తగా ఫోను చేసినవారు)
- E: ఏ రకం కొనుగోలుదారు (దుకాణం, లాడ్జీ, బడి, ఇల్లు, కార్యాలయం)
- F: మొత్తం, జీఎస్టీ లేకుండా
- G: ముందే స్థలం చూశానా (అ: అవును, లే: లేదు)
- H: ఫలితం (గె: గెలిచాను, ఓ: ఓడాను, ని: నిర్ణయం లేదు, తె: తెరిచి ఉంది)
- I: ఫలితం తెలిసిన తేదీ
- J: కొనుగోలుదారు చెప్పిన కారణం, వారి మాటల్లోనే
- K: పంపిన రోజున నా అంచనా, పదింట ఎన్ని పాళ్లు

ఇంకా చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి. ఇరవై గడులు పెట్టినవాళ్లు రెండో నెలకే రాయడం మానేయడం చూశాను.

K గడి గురించి ఒక మాట. కొటేషన్ పంపిన రోజే "ఇది వచ్చే అవకాశం పదికి ఏడు" అని రాసేయండి. ఫలితం తెలిశాక "ఇది రాదని నాకు ముందే తెలుసు" అని మనసు సర్దిచెబుతుంది. రాసిన అంకె అలా సర్దుకోదు. నేను ఏడు, అంతకు మించి వేసినవి ఏడాదిలో పన్నెండు ఉంటే వాటిలో ఆరే గెలిచాను. కొనుగోలుదారు నవ్వుతూ మాట్లాడితే చాలు, నేను ఎక్కువ అంకె వేస్తున్నానని ఆ గడి చూశాకే అర్థమైంది.

3. ఎప్పుడు రాయాలి

వరుస తెరవవలసింది కొటేషన్ పంపిన రోజే. ఫలితం వచ్చాక తెరిచేవారి చిట్టాలో గెలిచినవన్నీ ఉంటాయి, ఓడినవి కొన్నే ఉంటాయి. ఎందుకంటే జవాబు రాని కొటేషన్ మనకు గుర్తు ఉండదు.

- పంపిన రోజు: A నుంచి G వరకు, K, H లో "తె" (ఇంకా తెరిచి ఉంది)
- ఫలితం తెలిసిన రోజు: H, I
- ఓడిన నెల తర్వాత: J
- ప్రతి నెల మొదటి ఆదివారం: గడువు దాటిన "తె" వరుసలు మూయడం

4. ఓడిన కారణం రాబట్టడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే.

ఓడిన రోజే "ఎందుకు ఇవ్వలేదండీ?" అని అడిగితే చాలామంది "ధర ఎక్కువండీ" అంటారు. అది అబద్ధం కాదు, మర్యాద. మిమ్మల్ని నొప్పించకుండా మాట ముగించడానికి అంతకంటే సులువైన జవాబు లేదు. నా ఏడాది చిట్టాలో ఓడినవి 27. వాటిలో 19కి మొదట రాసుకున్న కారణం ధరే.

నెల ఆగి, వేరేవారు పని పూర్తి చేశాక ఫోను చేయండి. అప్పటికి బేరం అయిపోయి ఉంటుంది కాబట్టి మీరు మళ్లీ అమ్మడానికి వచ్చారన్న జంకు వారికి ఉండదు. వారు ఒడియాలో మాట్లాడేవారైతే ఒడియాలోనే అడగండి. ప్రశ్న కూడా మార్చాలి. "మాకెందుకు ఇవ్వలేదు?" అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. నేను ఇలా అడుగుతాను:

"సార్, కెమెరాలు బాగా పనిచేస్తున్నాయా? మా పట్టికలో లేనిది, వారి పట్టికలో ఉన్నది ఏమిటో చెబితే నేను నేర్చుకుంటాను."

ఆ 19 మందిలో 12 మంది ఫోనులో దొరికారు. నిజంగా ధర వల్లే పోయినవి ఐదు. నాలుగు చోట్ల మా రెండు కొటేషన్లలో ఉన్న పని ఒకటి కానే కాదు. మిగిలిన మూడు చోట్ల పని ఎవరికి ఇవ్వాలో ముందే తేలిపోయింది, నా కాగితం లెక్కకు మాత్రమే కావాలి.

ఆ నాలుగింటిలో ఒకటి విప్పి చూపిస్తాను. గోపాల్‌పూర్‌లో ఒక లాడ్జీ. ఎనిమిది కెమెరాలు, ముప్పై రోజుల రికార్డింగు కావాలన్నారు. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే ఎనిమిదికి 16 మెగాబిట్లు, అంటే సెకనుకు 2 మెగాబైట్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి సుమారు 173 గిగాబైట్లు. ముప్పై రోజులకు దాదాపు 5,200. అందుకే 6 టెరాబైట్ల డిస్కు వేశాను. పని దక్కించుకున్నవారు 2 టెరాబైట్లు వేశారు. ఆ లెక్కన పన్నెండు రోజుల రికార్డింగు కూడా రాదు. లాడ్జీవారు రెండు కాగితాల కింద ఉన్న మొత్తాలే చూశారు. వారి తప్పేమీ లేదు. "హార్డ్ డిస్క్: 6 టీబీ" అని రాశానే తప్ప "ముప్పై రోజుల రికార్డింగు" అని నా కాగితంలో ఎక్కడా రాయలేదు.

చిట్టాలో ఇది "ధర" అని మిగిలిపోయి ఉంటే నేను ధర తగ్గించేవాడిని. నెల తర్వాత అడగడం వల్ల చేసిన మార్పు వేరు. ఇప్పుడు ప్రతి కొటేషన్‌లో మొత్తానికి పైన "ఇందులో ఉన్నవి, ఇందులో లేనివి" అని రెండు చిన్న పట్టికలు పెడుతున్నాను. డిస్కు సైజు పక్కన ఎన్ని రోజుల రికార్డింగు వస్తుందో రాస్తున్నాను.

ప్రభుత్వ కార్యాలయంలో ఓడితే ఫోను అవసరం లేదు. పని అప్పగించాక, కొటేషన్లను పోల్చి తయారుచేసిన పట్టిక నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

5. గెలుపు శాతం: ఏ అంకెతో భాగించాలి

ఏడాదిలో నేను పంపినవి 60. గెలిచినవి 15, ఓడినవి 27, నిర్ణయం లేనివి 14, ఇంకా తెరిచి ఉన్నవి 4.

60తో భాగిస్తే 25 శాతం. కానీ తెరిచి ఉన్న నాలుగు ఇంకా ఓడలేదు. నిర్ణయం లేని పద్నాలుగింటిలో ఎవరికీ పని దక్కలేదు, కెమెరాలు పెట్టించుకోవడమే మానుకున్నారు. అక్కడ మనం పోటీలో ఓడలేదు, అసలు పోటీయే జరగలేదు. అందుకే గెలిచినవి, ఓడినవి రెండే తీసుకుంటాను: 42లో 15, అంటే సుమారు 36 శాతం. నిర్ణయం లేనివాటిని పక్కన విడిగా చూస్తాను, అవి పెరిగితే దాని అర్థం వేరు.

```
=COUNTIFS(H:H,"గె")/(COUNTIFS(H:H,"గె")+COUNTIFS(H:H,"ఓ"))
```

పరిచయం మీద వచ్చినవాటికి మాత్రమే కావాలంటే:

```
=COUNTIFS(H:H,"గె",D:D,"ప")/(COUNTIFS(H:H,"గె",D:D,"ప")+COUNTIFS(H:H,"ఓ",D:D,"ప"))
```

6. విడదీసి చదవడం: వేగం నన్ను మోసం చేసిన తీరు

నిర్ణయమైన 42 కొటేషన్లను వేగం ప్రకారం మొదట విడదీశాను. అడిగిన మూడు రోజుల్లోపు పంపినవి 20, గెలిచినవి 11. ఆలస్యంగా పంపినవి 22, గెలిచినవి 4. తేడా చూసి ఎగిరి గంతేశాను. అన్నీ మూడు రోజుల్లో పంపేస్తే చాలు కదా అనుకున్నాను.

తర్వాత D గడిని కూడా కలిపి చూశాను:

- పరిచయస్తుల ద్వారా, మూడు రోజుల్లోపు: 14లో 9
- పరిచయస్తుల ద్వారా, ఆలస్యంగా: 4లో 1
- కొత్తవారు, మూడు రోజుల్లోపు: 6లో 2
- కొత్తవారు, ఆలస్యంగా: 18లో 3

పరిచయస్తులు పంపినవారికి నేను సహజంగానే త్వరగా రాస్తున్నాను. వారు నన్ను నమ్మే వచ్చారు కాబట్టి ఎక్కువగా గెలుస్తున్నాను. వేగం వల్ల అని కనిపించినదాంట్లో కొంత పరిచయం వల్లే. కొత్తవారిని మాత్రమే చూస్తే 6లో 2, 18లో 3. ఆ ఆరింటిలో ఒక్క గెలుపు తగ్గితే ఆ తేడా పూర్తిగా మాయమైపోతుంది.

అందుకే నాకు నేను పెట్టుకున్న హద్దు ఇది: ఒక గుంపులో నిర్ణయమైనవి పది కూడా లేకపోతే శాతం రాయను, "ఆరింటిలో రెండు" అని అంకెలే రాస్తాను. శాతం రాస్తే చిన్న లెక్క కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

కొత్తవారి 24 వరుసలను G గడి ప్రకారం విడదీస్తే మరో సంగతి బయటపడింది. ముందే స్థలం చూసి పంపినవి 8, గెలిచినవి 4. చూడకుండా పంపినవి 16, గెలిచినది ఒక్కటే.

ఇక్కడా అదే జాగ్రత్త అవసరం. స్థలం చూడడం వల్ల గెలిచానా, లేక నిజంగా కొనాలనుకున్నవారే నన్ను రమ్మన్నారా? చిట్టా ఈ రెండింటినీ విడదీయలేదు. అయితే చేయవలసిన పని విషయంలో రెండూ ఒకే దారి చూపుతున్నాయి. చూడడం వల్లే గెలుపు అయితే వెళ్లి చూడాలి. రమ్మనడమే కొనేవారి గుర్తు అయితే, రమ్మననివారికి రాత్రి పదకొండింటిదాకా కూర్చుని కొటేషన్ రాయనక్కరలేదు.

7. లెక్కకు అడిగే కొటేషన్‌ను గుర్తుపట్టడం

చాలా సంస్థల్లో కొనేముందు మూడు కొటేషన్లు ఫైల్లో ఉండాలి. ఒకటి పని చేసేవారిది, మిగతా రెండు లెక్కకు. మీది ఆ రెండింటిలో ఒకటైతే ఎంత బాగా రాసినా ఫలితం మారదు. ముందు చెప్పిన ఆ మూడు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే గుర్తులు ఒకేలా ఉన్నాయి:

- "స్థలం చూడనక్కరలేదు, లెటర్‌హెడ్ మీద పంపండి" అన్నారు
- రేపటికే కావాలన్నారు
- కెమెరా మోడల్ నంబర్లు వారే ఇచ్చారు, అదీ ఒకే కంపెనీవి
- ఎందుకు, ఎక్కడ అని అడిగితే జవాబు లేదు

మూడు వరుసలు పెద్ద రుజువు కాదు. కాబట్టి ఈ గుర్తులు కనిపించినా నేను కాదనను, మామూలు ధరల పట్టిక ఒకటి పంపి అంతటితో ఆపుతాను. మామూలు కంటే కావాలని ఎక్కువ ధర వేసి ఇమ్మంటే మాత్రం ఇవ్వను. అది వేరొకరి బిల్లుకు దొంగసాక్ష్యం అవుతుంది.

8. చిట్టా చెడిపోయే తీరు, దిద్దుకునే తీరు

*కారణాన్ని మన మాటల్లోకి మార్చడం.* "మీవాళ్లు గోడలు పాడుచేస్తారని మా అన్నయ్య అన్నాడు" అన్నది J లో అలాగే ఉండాలి. దాన్ని "నమ్మకం లేదు" అని కుదిస్తే రేపు ఏమి మార్చాలో తెలియదు. విన్న మాట విన్నట్టే రాయండి, గుంపులు చేయడం మూడు నెలలకోసారి చూసుకోవచ్చు.

*నెలలను నెలలతో పోల్చడం.* బరంపురంలో ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. జాతర జరిగే ఏడాది చైత్రమాసపు లెక్కను జాతర లేని ఏడాది చైత్రంతో పోలిస్తే ఏదో జరిగినట్టే కనిపిస్తుంది. కాలాన్ని బట్టి ఏమైనా చెప్పాలంటే కనీసం రెండు జాతరల చిట్టా కావాలి.

*శాతాన్నే వెంటాడడం.* కష్టమైన పనులకు కొటేషన్ పంపడం మానేస్తే శాతం దానంతట అదే పెరుగుతుంది, చేతికొచ్చే డబ్బు తగ్గవచ్చు. అందుకే గెలిచిన పనుల F గడి మొత్తాన్ని కూడా ప్రతి మూడు నెలలకూ పక్కనే రాయండి. శాతం పెరిగి ఆ మొత్తం పడిపోతే మీరు పెద్ద పనులకు భయపడుతున్నారని అర్థం.

9. ఒకే మార్పు, ఆరు నెలలు

చిట్టా చూసి ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కొటేషన్ నమూనాను ముందే మార్చేశాను కాబట్టి దాని ప్రభావం ఇందులో కొంత కలిసే ఉంటుంది. దాని తర్వాత నేను ఎంచుకున్నది ఒక్కటే: కొత్తవారికి స్థలం చూడకుండా రాతపూర్వక కొటేషన్ ఇవ్వకూడదు. నోటితో "ఇంత నుంచి ఇంత వరకు" అని చెబుతాను, వచ్చి చూస్తానంటాను.

దీనికి తప్పనిసరిగా ఒక పేజీ కలపాలి. రమ్మననివారి వివరాలు కూడా అక్కడ రాయాలి. లేకపోతే ఈ నియమం వల్ల ఏమి పోగొట్టుకున్నామో ఎప్పటికీ కనబడదు.

ఆరు నెలల్లో కొత్తవారు 17 మంది అడిగారు. తొమ్మిది మంది రమ్మన్నారు, వెళ్లి చూసి రాశాను. ఏడు తేలాయి, మూడు గెలిచాను. అంతకు ముందు ఏడాది మొత్తంలో కొత్తవారి నుంచి గెలిచినవి ఐదు, అంటే ఆరు నెలలకు రెండు, మూడు. గెలిచిన పనులు దాదాపు అంతే, రాసిన కొటేషన్లు సగం. కొత్తవారి వరకు శాతం 21 నుంచి 43కు పోయింది. ఏడింటిలో మూడే కాబట్టి ఆ 43ను నేను ఎవరికీ చెప్పుకోను. మిగిలిన రాత్రులు మాత్రం నిజం.

రమ్మనని ఎనిమిది మందికి నెల తర్వాత ఫోను చేశాను. ఆరుగురు ఇంకా ఏమీ పెట్టించుకోలేదు. ఇద్దరు వేరేవారితో పెట్టించుకున్నారు, ఇద్దరూ పర్లాకిమిడివారే. "అంత దూరం నుంచి మిమ్మల్ని పిలిచి, తర్వాత వద్దంటే బాగుండదని మొహమాటపడ్డాం" అన్నారు ఒకరు. అందుకని ఇప్పుడు దూరపువారికి స్థలం చూడడానికి బదులు ప్రతి మూల నుంచి ఒక ఫోటో, చేత్తో గీసిన ఇంటి పటం అడుగుతున్నాను. అవి పంపినవారికి రాతపూర్వకంగా ఇస్తున్నాను. G గడిలో వీరికి "ఫో" అని మూడో గుర్తు చేర్చాను. ఇప్పటికి అలాంటి వరుసలు నాలుగున్నాయి, పది దాటాక లెక్క తీస్తాను.